క్యాప్స్ లాక్‌లో ఒడియా: సరిహద్దు పట్నంలో ఒక జాబ్ వర్క్ షాపు కేసు

నేపథ్యం

ఒడిశా దక్షిణ సరిహద్దు జిల్లాల్లో టైపింగ్ షాపులకు, చిన్న ఆఫీసులకు భారతీయ భాషల సెటప్ చేసి పెట్టడం నా పని. 1936లో ఒడిశా ప్రావిన్సు ఏర్పడినప్పుడు పర్లాకిమిడి, కోరాపుట్, బరంపురం వైపు తెలుగు కుటుంబాలు చాలా ఆ రాష్ట్రంలోనే ఉండిపోయాయి. అందుకే ఇక్కడ షాపుకొచ్చే కాగితాల్లో రెండు లిపులు కలిసే వస్తాయి. శుభలేఖలో తెలుగు వారి పేర్లు తెలుగులో, విందు వివరాలు ఒడియాలో ఉంటాయి. దరఖాస్తు ఒడియాలో, కింద సంతకం పెట్టినవాళ్ళ జాబితా తెలుగులో ఉంటుంది. సంఘం సర్క్యులర్‌లో ఒక లైను ఇది, ఒక లైను అది.

ఈ కేసు అలాంటి ఒక షాపుది. ఊరు, పేర్లు చెప్పను. టైపు చేసేది ఒక తెలుగు అమ్మాయి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకుంది, చూడకుండా కొడుతుంది. సాయంత్రాలు ఒడియా పని చేయడానికి ఒక కుర్రాడు వస్తాడు, అతనిదీ ఇన్‌స్క్రిప్టే. విండోస్ 11 ఉన్న మెషిన్లు రెండు. పని మొత్తం యూనికోడ్‌లో, ఎక్కువగా వర్డ్‌లో జరుగుతుంది.

సమస్య

ఫోన్‌లో ఆమె చెప్పింది ఇది: "మాస్టారూ, ఫాంటు పాడైనట్టుంది. సున్నా ముందు చుక్కల చక్రం వస్తోంది."

వెళ్ళి ఫైలు చూశాను. ఒక తెలుగు మాట చివర సున్నా ముందు చుక్కల వలయం నిజంగానే ఉంది. ఫాంటు మార్చినా పోలేదు. వర్డ్‌లో కర్సర్‌ను ఆ సున్నా తర్వాత వెంటనే పెట్టి Alt+X నొక్కితే అక్షరం కోడు కనిపిస్తుంది. అక్కడ 0B02 వచ్చింది. తెలుగు సున్నా 0C02. అంటే తెలుగు అక్షరానికి ఒడియా అనుస్వారం తగిలింది. చూడ్డానికి రెండూ గుండ్రని సున్నాలే. కానీ వేరే లిపి గుర్తుకు ముందున్న అక్షరంతో సంబంధం ఉండదు కాబట్టి, ఆధారం లేని గుర్తని తెలిసేలా విండోస్ దాని ముందు చుక్కల వలయం వేస్తుంది. ఫాంటులో లోపమేమీ లేదు.

ఈ ఒక్క సున్నా పెద్ద సమస్య కాదు, అసలు సమస్యకు ఆనవాలు మాత్రమే. ఆమె పక్కన కూర్చుని చూస్తే సంగతి అర్థమైంది. ఇన్‌స్క్రిప్ట్‌లో ఏ భారతీయ లిపిలోనైనా ఒక ధ్వనికి ఒకటే కీ. K కొడితే తెలుగులో క, ఒడియాలో କ. రామారావు అని రాయాలంటే రెండింట్లోనూ j e c e j e b g అనే వేళ్ళ నడకే. ఇంగ్లీషు లేఅవుట్ పొరపాటున ఉండిపోతే రెండో అక్షరానికే తెలిసిపోతుంది. ఒడియా లేఅవుట్ ఉండిపోతే వేళ్ళకు ఏ తేడా తెలియదు. కళ్ళు చేతిరాత కాగితం మీద ఉంటాయి. తల ఎత్తి చూసేసరికి తెలుగులో ఉండాల్సిన లైనంతా ఒడియా అక్షరాల్లో చక్కగా, తప్పు లేకుండా ఉంటుంది. దాన్ని తుడిచి మళ్ళీ కొట్టాలి. రోజంతా ఇదే టెన్షన్.

లేఅవుట్ మార్చేది Win+Spaceతో. మెషిన్లో ఇంగ్లీషు, తెలుగు, ఒడియా మూడూ ఉన్నాయి కాబట్టి ఒక్కో నొక్కుకు వరసలో తర్వాతిది వస్తుంది. తెలుగు నుంచి ఒడియాకు ఒక నొక్కైతే, తిరిగి తెలుగుకు రెండు. ఏది ఉందో తెలియాలంటే టాస్క్‌బార్ మూలకు చూడాలి. చూడకుండా టైపు చేసేవాళ్ళు ఆ మూలకు చూడరు.

మొదట ప్రయత్నించినవి

ఇంగ్లీషును జాబితా నుంచి తీసేస్తే రెండే మిగులుతాయి కదా అనుకున్నాం. కానీ ఈమెయిల్ ఐడీలు, పాస్‌వర్డ్‌లు, వెబ్ ఫారాలు ఉన్నాయి. ఇంగ్లీషు లేకుండా ఈ షాపు నడవదు.

తర్వాత ఆలోచన: తెలుగు, ఒడియా రెండింటినీ ఒకే లేఅవుట్‌లో పెట్టడం. కీలు ఎలాగూ ఒకటే కాబట్టి కొత్తగా నేర్చుకునేది ఏమీ ఉండదు. దీనికి మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే కీబోర్డ్ లేఅవుట్ క్రియేటర్ 1.4 వాడాను. పాత సాఫ్ట్‌వేర్ కాబట్టి ముందు విండోస్ ఫీచర్లలో .NET Framework 3.5 ఆన్ చేయాలి. ఆన్ చేశాక విండోస్ 11 మీద బాగానే నడుస్తుంది.

ఖాళీ లేఅవుట్‌తో మొదలుపెట్టలేదు. File > Load Existing Keyboard లో Telugu ఎంచుకుంటే విండోస్‌లో ఉన్న తెలుగు ఇన్‌స్క్రిప్ట్ అంతా, పై వరసలో షిఫ్ట్‌తో వచ్చే క్ష, జ్ఞ లాంటి జోడక్షరాలతో సహా తెరుచుకుంటుంది. మన చేతికి అలవాటైనదాన్ని యథాతథంగా ఉంచి, పైన ఏం కలపాలో అదే కలపవచ్చు. మార్చింది ఎంత తక్కువైతే తప్పు దొరకడం అంత సులువు.

ఒడియా పొరను ముందు AltGr మీద పెట్టాను. కుడివైపు Alt పట్టుకుని K కొడితే କ, షిఫ్ట్ కూడా కలిపితే ଖ. దీన్ని మొదట ఎంచుకోవడానికి కారణముంది. పట్టుకున్నంతసేపే ఒడియా, వదిలితే తెలుగు. ఏ స్థితిలో ఉన్నామో గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. లేఅవుట్ మార్చడం మర్చిపోయే తప్పు ఇందులో సిద్ధాంతరీత్యా రాకూడదు.

వాడకంలో అది నిలబడలేదు. ఇన్‌స్క్రిప్ట్‌లో హల్లులన్నీ దాదాపు కుడిచేతి కిందే ఉంటాయి: ప, ర, క, త, చ, ట మధ్య వరసలో, పైన బ, హ, గ, ద, జ. కుడి బొటనవేలు Alt మీద బిగిసి ఉంటే ఆ చేతి మిగతా వేళ్ళు అటూ ఇటూ పోలేవు. ఒక పేరు వరకైతే పర్వాలేదు. ఒడియాలో ఒక పేరా దరఖాస్తు కొట్టేసరికి ఆమె మణికట్టు నొప్పి అంది. పైగా మాట మధ్యలో బొటనవేలు ఒక్క క్షణం సడలితే ఒడియా మాటలో ఒకే ఒక్క తెలుగు అక్షరం దూరిపోతోంది. లైనంతా తప్పితే కనిపిస్తుంది కానీ, ఇలా ఒక్క గుర్తు తప్పితే ప్రింటు దాకా పోతుంది. మనం తీసేయాలనుకున్న తప్పునే ఇంకా చిన్నదిగా, పట్టుకోవడం కష్టమయ్యేలా చేస్తోంది ఈ పద్ధతి. దాన్ని వదిలేశాం.

పనిచేసిన పద్ధతి

కావలసింది ఇది: ఒక్క నొక్కుతో మారాలి, రెండే స్థితులుండాలి, ఏది ఉందో కీబోర్డు మీదే కనిపించాలి. ఇన్‌స్క్రిప్ట్‌లో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు లేవు కాబట్టి క్యాప్స్ లాక్‌కు పని లేదు. ఎడమ చిటికెన వేలి పక్కనే ఉంటుంది, దానికో లైటు కూడా ఉంటుంది.

మామూలుగా క్యాప్స్ లాక్ అంటే షిఫ్ట్ నొక్కినట్టే. కానీ స్విస్ జర్మన్ కీబోర్డు కోసం విండోస్‌లో SGCap అనే ఏర్పాటు ఒకటుంది. దానితో క్యాప్స్ ఆన్‌లో ఉన్నప్పుడు ఒక కీకి పూర్తిగా వేరే రెండు అక్షరాలు ఇవ్వవచ్చు, ఒకటి మామూలుగా, ఒకటి షిఫ్ట్‌తో. ఒక్కో కీకి విండోలో నొక్కుతూ కూర్చునే బదులు, లేఅవుట్‌ను సేవ్ చేసి .klc ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి మార్చాను. K కీ ఇలా ఉంటుంది:

```
25	K	SGCap	0c15	0c16	-1
-1	-1	0	0b15	0b16
```

మొదటి లైన్లో 25 అనేది కీ స్కాన్ కోడు, తర్వాత కీ పేరు, SGCap, ఆపైన తెలుగు క, ఖ. రెండో లైను క్యాప్స్ ఆన్‌లో వచ్చే ఒడియా క, ఖ. మొదటి లైను చివరి -1 అంటే Ctrlతో ఏమీ రాదని. ఫైలు పైభాగంలో SHIFTSTATE కింద ఎన్ని స్థితులుంటే మొదటి లైన్లో అన్ని గడులుండాలి. ఒక్కటి తగ్గినా పక్క అక్షరాలు గడి తప్పుతాయి. గడుల మధ్య ట్యాబ్ ఉండాలి. ఫైలును UTF-16 LE గానే సేవ్ చేయాలి. నోట్‌ప్యాడ్ ఉన్నదాన్ని అలాగే ఉంచుతుంది, కొన్ని ఎడిటర్లు మాత్రం UTF-8 చేసేస్తాయి.

ఇక్కడ ఒక సులువు మార్గం కనిపిస్తుంది. యూనికోడ్‌లో తెలుగు 0C00 నుంచి, ఒడియా 0B00 నుంచి మొదలవుతాయి. రెండూ ఒకే వరసలో పేర్చి ఉన్నాయి. 0c15 క అయితే 0b15 କ, 0c2e మ అయితే 0b2e ମ. అంటే 0c ని 0b గా మార్చేస్తే రెండో లైన్లన్నీ తయారు. తొలి నమూనా అలాగే చేసి, Project > Test Keyboard Layout విండోలో సాయంత్రం కుర్రాడి చేత కొట్టించాను. Validate Layout అప్పటికే సరేనంది. కానీ అది చూసేది ఫైలు నియమాలు మాత్రమే. ఒడియా రాసేవాడికి ఏం కావాలో దానికి తెలియదు.

అతను కొడుతూ మూడు చోట్ల ఆగాడు. వాటి వల్లే ఈ కేసు రాస్తున్నాను.

మొదటిది, ఖాళీ డబ్బాలు. తెలుగులో ఎ-ఏ, ఒ-ఓ అని హ్రస్వ దీర్ఘాలు వేరు. ఒడియాలో ఆ హ్రస్వాలు లేవు. 0c46 మన ఎత్వం, 0b46లో యూనికోడ్ ఏమీ పెట్టలేదు. అలాగే ఒత్వం, ఎ, ఒ, ఱ ల చోటు కూడా ఒడియాలో ఖాళీయే. ఆ కీలకు SGCap తీసేస్తే సరిపోతుందనిపిస్తుంది. కానీ అలా తీసేస్తే క్యాప్స్ ఆన్‌లో ఉన్నా ఆ కీ నుంచి తెలుగు ఎత్వమే వస్తుంది, ఒడియా మాటలో తెలుగు గుర్తు మళ్ళీ దూరుతుంది. కాబట్టి ప్రతి అక్షరపు కీకీ ఒడియా వైపు ఏదో ఒకటి ఉండి తీరాలి.

రెండోది, ఒడియాకే ప్రత్యేకమైన అక్షరాలు. ఓడియా అనే మాటలోనే ଡ଼ ఉంది, ଓଡ଼ିଆ. దీనికి తెలుగు వైపు జోడీ లేదు, కాబట్టి కోడు మార్చి రాబట్టలేం. ఎత్వం కీ ఖాళీ అయింది కదా, దాన్నే దీనికి ఇచ్చాం:

```
2c	Z	SGCap	0c46	0c0e	-1
-1	-1	0	0b5c	0b5d
```

Z కొడితే ଡ଼, షిఫ్ట్‌తో ଢ଼. ఒత్వం కీకి పూర్ణచ్ఛేదం । ఇచ్చాం, షిఫ్ట్‌తో ॥, శుభలేఖ పైన శ్రీకారానికి అది కావాలి. ఱ చోట మామూలు ରనే మళ్ళీ పెట్టాం, పొరపాటున నొక్కినా తప్పు రాకుండా.

మూడోదాన్ని నేను ఒక్కణ్ణే కూర్చుని ఉంటే పట్టుకోగలిగేవాణ్ణి కాదు. మన య 0c2f. దాని జోడీ 0b2f ଯ ఒడియాలో జ లాగా పలుకుతారు. య అని పలికేది ୟ, 0b5f. కోడు ప్రకారం సరైనదే, మాటలో పెడితే వేరే మాట. అందుకే / కీలో ୟ, షిఫ్ట్‌తో ଯ పెట్టాం. వ కూడా అంతే. 0b35 ଵ యూనికోడ్‌లో ఉంది కానీ కుర్రాడు దాన్ని ఎప్పుడూ వాడలేదన్నాడు. రోజువారీ ఒడియాలో ఆ ధ్వనికి ఎక్కువగా ବ రాస్తారు. వార్డు లాంటి మాటలకు మాత్రం ୱ కావాలి, ୱାର୍ଡ. దరఖాస్తుల్లో వార్డు నంబరు లేని కాగితం ఉండదు. అందుకని B కీకి ఒడియా వైపు 0b71 ఇచ్చాం.

అంకెలు, విరామచిహ్నాల కీలకు SGCap పెట్టలేదు. క్యాప్స్ ఏ స్థితిలో ఉన్నా ఫోన్ నంబరు ఫోన్ నంబరుగానే రావాలి. పై వరసలోని తెలుగు జోడక్షరాలు క్యాప్స్ ఆన్‌లోనూ తెలుగులోనే వస్తాయి. ఒడియా క్ష కావాలంటే క, హలంతం, ష విడివిడిగా కొట్టుకోవాలి. క్యాప్స్ పొరలో ఒక గడికి ఒక కోడు చొప్పున ఉంచుకున్నాం కాబట్టి అది తప్పదు. కుర్రాడికి అది ముందునుంచీ అలవాటే. ఆమెకు మాత్రం ఒడియా రాసేటప్పుడు ఆ వరస వాడొద్దని చెప్పాను.

ఇంకో చిన్న చేర్పు ఆమె అడిగింది. 'కార్డ్‌లు', 'స్టేషన్‌లో' లాంటి మాటల్లో పొల్లు పొల్లుగా నిలవాలంటే మధ్యలో కనిపించని 200C పెట్టాలి. వాళ్ళకు పనిలేని \ కీకి దాన్ని ఇచ్చాం.

ఇన్‌స్టాల్ చేసినప్పుడు

Project > Properties లో పేరు ఎనిమిది అక్షరాలు దాటకూడదు. భాష తెలుగు పెట్టాం. Project > Build DLL and Setup Package చేస్తే ఒక ఫోల్డర్లో setup.exe వస్తుంది. దాన్ని అడ్మిన్ హక్కులతో నడిపి, సైన్ అవుట్ అయి మళ్ళీ వస్తే సెట్టింగ్స్‌లో తెలుగు కింద కొత్త కీబోర్డు కనిపిస్తుంది. ఆ తర్వాత పాత తెలుగు, ఒడియా కీబోర్డులను జాబితాలోంచి తీసేశాం. అవి ఉంటే Win+Spaceతో మళ్ళీ అక్కడికే చేరతారు. ఇప్పుడు ఇంగ్లీషు, కొత్తది, రెండే.

ఒక మార్పు చేసి మళ్ళీ బిల్డ్ చేసినప్పుడు పాతదాన్ని ముందు అన్‌ఇన్‌స్టాల్ చేసి, సైన్ అవుట్ అయ్యాకే కొత్తది వేయాలి. లేదంటే మెమరీలో పాత ఫైలే ఉండి, మార్చిన కీ మారనట్టు కనిపిస్తుంది. నమూనాలు మారుతున్న దశలో పేరు చివర ఒక అంకె పెట్టుకుంటూ పోతే ఏది నడుస్తోందో సందేహం ఉండదు.

వర్డ్‌లో ఒడియా అక్షరాలు పొడుగ్గా, తెలుగు పొట్టిగా వస్తున్నాయని ఆమె చూపించింది. టైపు చేసేది తెలుగు కీబోర్డు కాబట్టి తెలుగుకు పెట్టిన ఫాంటే తీసుకుంటుంది. అందులో ఒడియా లేకపోతే వేరే ఫాంటు నుంచి తెస్తుంది. Nirmala UIలో రెండు లిపులూ ఉన్నాయి. దాన్ని డిఫాల్ట్‌గా పెట్టాక రెండూ ఒక కొలతలో నిలబడ్డాయి.

రెండో మెషిన్లో వచ్చిన వింత

అదే ప్యాకేజీ రెండో మెషిన్లో వేస్తే తొలి మాటకే తేడా వచ్చింది. క్యాప్స్ నొక్కి ఒడియా మొదలుపెడితే మొదటి కొన్ని అక్షరాలు ఒడియా, తర్వాతవన్నీ తెలుగు. లేఅవుట్‌లో తప్పుంటే ఎప్పుడూ ఒకే అక్షరం దగ్గర రావాలి. ఇది మాటను బట్టి మారుతోంది. కుర్రాణ్ణి నెమ్మదిగా కొట్టమని క్యాప్స్ లైటు చూస్తూ కూర్చున్నాను. ఖ కోసం షిఫ్ట్ నొక్కగానే లైటు ఆరిపోయింది.

విండోస్‌లో క్యాప్స్ లాక్‌ను ఆపడానికి రెండు పద్ధతులున్నాయి. Text Services and Input Languages లోని Advanced Key Settings లో Press the CAPS LOCK key, Press the SHIFT key అని కనిపిస్తాయి. టైప్‌రైటర్ అలవాటున్నవాళ్ళు రెండోది పెట్టుకుంటారు. ఆ మెషిన్లో ఎవరో అదే పెట్టారు. ఇన్‌స్క్రిప్ట్‌లో ఒత్తక్షరాలకు, అచ్చులకు షిఫ్ట్ తప్పనిసరి, కాబట్టి ప్రతి ఖ, ఘ దగ్గరా క్యాప్స్ పడిపోయేది. మొదటిది ఎంచుకోగానే సమస్య పోయింది. ఇప్పుడు ఎవరికి ఈ లేఅవుట్ ఇచ్చినా ముందు ఈ సెట్టింగ్ చూస్తాను.

దీని హద్దులు

క్యాప్స్ లాక్ మెషిన్ మొత్తానికి ఒక్కటే. ఒడియాలో ఉండగా ఇంగ్లీషుకు మారితే పెద్ద అక్షరాలు వస్తాయి. పాస్‌వర్డ్ గడిలో అక్షరాలు కనిపించవు కాబట్టి అక్కడ ఇబ్బంది ఎక్కువ. ఇంగ్లీషుకు పోయేముందు క్యాప్స్ ఆపడం ఆమె అలవాటు చేసుకుంది. క్యాప్స్ లైటు లేని ల్యాప్‌టాప్‌కు ఈ పద్ధతి నేను సిఫారసు చేయను, దీని బలమంతా ఆ లైటే. తప్పులు పూర్తిగా పోలేదు. కానీ లైను మొత్తం తుడవడం అరుదైపోయిందని, తుడవాల్సి వచ్చినా మొదటి మాట దగ్గరే తెలిసిపోతోందని ఆమె అంటోంది.

ଡ଼ గురించి ఒక జాగ్రత్త. మనం ఇచ్చింది 0b5c అనే ఒక్క కోడు. అదే అక్షరాన్ని 0b21, 0b3c అని రెండు కోడ్లుగా కూడా రాయవచ్చు, యూనికోడ్ సాధారణ రూపంలో అలాగే విడిపోతుంది. కంటికి తేడా లేదు. ఒక ఫారంలో ఎక్కించిన పేరు వెతికితే దొరకడం లేదంటే ముందు ఇక్కడే చూడాలి.

గడ్చిరోలి, నాందేడ్ వైపు తెలుగు-మరాఠీ కలిపి కొట్టేవాళ్ళు ఇదే పద్ధతి అడుగుతున్నారు. అక్కడ 0c ని 09 చేయాలి, 0c15 క అయితే 0915 क. కానీ ఆ జోడీలో పరీక్ష ఇంకా జాగ్రత్తగా చేయాలి. ఒడియాలో లేని అక్షరం ఖాళీ డబ్బాగా కనిపించి తనంతట తానే పట్టుబడింది. దేవనాగరిలో 0946 దగ్గర హ్రస్వ ఎత్వానికి నిజంగానే ఒక గుర్తు ఉంది. మరాఠీలో అది వాడరు కానీ డబ్బా రాదు, మామూలు ఏత్వంలాగే కనిపించి ప్రింటులో పోతుంది. ఆ కీకి 0947 ఇవ్వాలి. ఇంకోటి, ఒడియాలో ఱ చోటును మామూలు ర తో నింపాం. మరాఠీలో అలా చేయకూడదు. दुसऱ्या లాంటి మాటలకు 0931 ऱ కావాలి, అది మన ఱ కీలోనే ఉంచాలి.